తాతయ్య నోటు, పిల్లల లెక్క

ఈ సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు లోపల నడుం వాల్చారు, మగవాళ్లు పేకాటకి కూర్చోబోతున్నారు, పిల్లలు ఆరుగురూ వసారాలో ఫోన్లు పట్టుకుని ఉన్నారు. పదమూడేళ్ల నా కూతురు దగ్గర్నుంచి పంతొమ్మిదేళ్ల మా చెల్లెలి పెద్ద కొడుకు వరకు అందరూ అక్కడే. వాళ్లతో డబ్బు గురించి ఒక్కసారైనా కూర్చుని మాట్లాడాలని రెండేళ్ల నుంచి అనుకుంటున్నాను. ఆ రోజు మా నాన్న ట్రంకు పెట్టె తెచ్చి వాళ్ల మధ్యలో పెట్టాను, ఫోన్లు పక్కన పెట్టమన్నాను. అరగంట అనుకున్నది గంటన్నర పట్టింది. ఆ తర్వాత మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు "పిల్లలకి ఏం చెప్పావు, మావాళ్లు వచ్చి ఏవేవో లెక్కలు అడుగుతున్నారు" అని ఫోన్ చేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెట్టెలో పట్టాదారు పాసు పుస్తకం, పాత శిస్తు రసీదులు, వాటి కింద రబ్బరు బ్యాండు వేసిన మూడు ప్రామిసరీ నోట్లు. కాగితం పసుపు పచ్చగా మారింది, మడతల దగ్గర చిరిగింది. ప్రతి నోటు కిందా రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా మా నాన్న సంతకం. ముగ్గురు పిల్లలకి తలా ఒకటి ఇచ్చి పైకి చదవమన్నాను. మొదటిది 1996 నాటిది, అసలు 20,000. రెండోది 1999, అసలు 34,400. మూడోది 2002, అసలు 59,168. మూడింటిలోనూ ఒకే మాట: నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ.

"తాతయ్య మూడుసార్లు అప్పు చేశారా?" అని అడిగింది మా చెల్లెలి కూతురు.

లేదమ్మా, ఒక్కసారే చేశారు. బోరు వేయించడానికి 20 వేలు తెచ్చారు. తర్వాత ఆ అప్పిచ్చినాయన దగ్గర్నుంచి ఒక్క రూపాయి కూడా కొత్తగా తీసుకోలేదు. మిగతా రెండు నోట్లూ ఆ 20 వేలవే.

ఇక్కడ మా అన్నయ్య కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, చటుక్కున అన్నాడు: "రెండు రూపాయలంటే రెండు శాతమేగా బాబాయ్, బ్యాంకు వాళ్లే ఇంతకన్నా ఎక్కువ తీసుకుంటారు." వాణ్ని తప్పుపట్టను. పల్లెలో అందరూ వడ్డీని నెలకి చెప్తారు, బ్యాంకులు ఏడాదికి చెప్తాయి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించినవాళ్లు వాడికెవరూ లేరు. నెలకి రెండు అంటే ఏడాదికి 24. రూపాయిన్నర వడ్డీ అంటే 18. మూడు రూపాయలంటే 36. బడిలో సామాన్య వడ్డీ, చక్రవడ్డీ సూత్రాలు రెండూ వచ్చిన పిల్లవాడికి ఈ ఒక్క ముక్క తెలియకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇక అసలు కథ. ప్రోనోటు రాసిన మూడేళ్లలోపు కోర్టుకెళ్లకపోతే దానికి కాలదోషం పడుతుంది, తర్వాత ఆ కాగితంతో వసూలు చేసుకోవడం కష్టం. అందుకని మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినవాళ్లు వస్తారు. అప్పుడు రెండు దారులుంటాయి. బాకీదారు కొంత సొమ్ము కడితే దాన్ని నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెడతారు, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. చేతిలో ఏమీ లేకపోతే నోటు తిరగరాస్తారు. తిరగరాయడమంటే అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి, ఆ మొత్తాన్ని కొత్త అసలుగా వేసి కొత్త నోటు రాయడం. పాత నోటు మనకి ఇచ్చేస్తారు. మా నాన్న పెట్టెలో ఉన్నవి అలా తిరిగొచ్చిన కాగితాలు.

పిల్లల చేత ఫోన్లలోనే లెక్క కట్టించాను. 20 వేలకి ఏడాదికి 4,800 వడ్డీ, మూడేళ్లకి 14,400. కలిపితే 34,400, రెండో నోటు మీదున్న అంకె సరిగ్గా అదే. మళ్లీ మూడేళ్లు, 34,400 మీద వడ్డీ 24,768, కలిపితే 59,168. అది మూడో నోటు. 2005లో లెక్క తేల్చినప్పుడు 1,01,769 అయింది. కాలవ పక్కనున్న అరెకరం అమ్మి కట్టారు. ఇప్పుడా చేను వేరేవాళ్లది, పండక్కి గుడికెళ్లేటప్పుడు ఆ గట్టు మీదుగానే వెళ్తాం, పిల్లలకి అది ఒకప్పుడు మనదని తెలియను కూడా తెలియదు.

అప్పుడు వాళ్లని ఒకటే అడిగాను. తాతయ్య మూడేళ్లకోసారి వడ్డీ వరకు ఎలాగోలా కట్టేసి, అసలుని 20 వేల దగ్గరే ఆపి ఉంటే తొమ్మిదేళ్లకి మొత్తం ఎంత కట్టేవారు? వడ్డీ 43,200, అసలు 20 వేలు, మొత్తం 63,200. తేడా 38,569. ఈ 38 వేలు ఎవరి కష్టం? అప్పిచ్చినాయన పొలం దున్నలేదు, కొత్తగా డబ్బు పెట్టలేదు. వడ్డీని చేతికి తీసుకోకుండా అసలులో కలిపి ఊరుకున్నాడు, అంతే. వడ్డీ కూడా అసలైపోయి తన వడ్డీ తాను తెచ్చింది. చక్రవడ్డీ అంటే ఇదే, దీంట్లో ఇంకే రహస్యమూ లేదు.

మా ఇళ్లల్లో పిల్లలకి చక్రవడ్డీ తెలియదనడం సరికాదని నా అభిప్రాయం. మన ఇళ్లకి అది బాగా తెలుసు, కట్టే వైపు నుంచి తెలుసు. పొందే వైపు కూర్చోవడమే తెలియదు. వయసులో ఉన్నప్పటి నుంచే పొదుపు చెయ్యండి అని చెప్పే పెద్దలు చాలామంది ఆ మాట అనేసి లేచి వెళ్లిపోతారు. పిల్లలకి ఏది పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యడం ఆగిపోతుందో అంకెల్లో చూపించాలి.

చూపించాను. ఇద్దరు అక్కచెల్లెళ్లని అనుకోండి. పెద్దది పదహారో ఏట మొదలుపెట్టి ఏడాదికి 12 వేలు, అంటే నెలకి వెయ్యి, పదేళ్లు వేసింది. ఇరవై అయిదో ఏట ఆపేసి, ఆ డబ్బుని కదపకుండా వదిలేసింది. రెండోది ఇరవై ఆరో ఏట మొదలుపెట్టి, అదే 12 వేలు అరవయ్యో ఏడు దాకా, ముప్పై అయిదేళ్లు, ఒక్క ఏడు కూడా మానకుండా వేసింది. ఇద్దరికీ 7 శాతం వడ్డీ. పెద్దది తన జేబులోంచి పెట్టింది 1 లక్షా 20 వేలు, రెండోది పెట్టింది 4 లక్షలా 20 వేలు. అరవయ్యో ఏట ఎవరి దగ్గర ఎక్కువ ఉంటుంది?

ఆరుగురిలో అయిదుగురు రెండోదే అన్నారు. లెక్క కడితే పెద్దదాని దగ్గర సుమారు 17 లక్షలా 70 వేలు, రెండోదాని దగ్గర 16 లక్షలా 59 వేలు. మా అన్నయ్య కొడుకు నమ్మలేదు, ఏడాదికో వరుస చొప్పున మొత్తం కట్టుకుంటూ వచ్చి ఇరవై నిమిషాల తర్వాత ఒప్పుకున్నాడు. వాడు అలా నమ్మకపోవడమే నాకు నచ్చింది.

ఈ కథ చాలామంది చెప్తారు. అయితే ఇక్కడితో ఆపేస్తారు. నాకు అది న్యాయంగా అనిపించదు, అందుకని వాళ్ల చేతే వడ్డీ 6 శాతం వేయించి మళ్లీ కట్టించాను. కథ తిరగబడింది. పెద్దదానికి 12 లక్షలా 16 వేలు, రెండోదానికి 13 లక్షలా 37 వేలు. ఒక్క శాతం తగ్గితే చాలు, పదేళ్ల ముందంజ ముప్పై అయిదేళ్ల ఓపిక ముందు ఓడిపోతుంది. అదే 12 శాతం వేస్తే పెద్దదానికి కోటీ 11 లక్షలు, రెండోదానికి 52 లక్షల లోపే. వాట్సాప్‌లో తిరిగే బొమ్మల్లో ఎప్పుడూ ఈ 12 శాతమే ఉంటుంది, కోటి అనే మాట కనబడాలి కాబట్టి. 7 శాతానికి 17 లక్షలు, 12కి కోటి పైన. అయిదు శాతం తేడాకి ఆరు రెట్లు. ఎవరైనా మీకు ఇలాంటి లెక్క చూపిస్తే ముందు ఏ శాతం వేశారో అడగండి, అది ఎవరిస్తారో అడగండి అని పిల్లలకి గట్టిగా చెప్పాను.

ఇంకోటి కూడా చూపించాను, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. పెద్దదానికి అరవయ్యో ఏట 17 లక్షలా 70 వేలు కదా, యాభయ్యో ఏట ఎంత ఉంది? 9 లక్షలు. అంటే మొత్తంలో సగం చివరి పదేళ్లలోనే వచ్చింది. ఇరవై అయిదో ఏట ఎంతుంది? 1 లక్షా 66 వేలు. ఆ వయసులో ఆ డబ్బు చూస్తే ఎవరికైనా బండి కొనుక్కోవాలనిపిస్తుంది. పదేళ్లు కడుపు కట్టుకుని దాచింది ఇంతేనా, తీసేసి వాడుకుందాం అనిపిస్తుంది. ఆ రోజు లక్ష తీస్తే తగ్గేది లక్ష కాదు, అరవయ్యో ఏట 10 లక్షలా 68 వేలు తగ్గుతుంది. మొదటి సగం కాలమంతా ఏమీ జరగనట్టే ఉంటుంది. మా నాన్న అప్పు కూడా అంతే, మొదటి మూడేళ్లకి 14 వేలే పెరిగింది, అదేమంత అనుకున్నారు. ఆఖరి మూడేళ్లలో 42 వేలు పెరిగింది. అప్పటికి చెయ్యడానికి చేతిలో ఏమీ లేదు.

కాబట్టి దాచడం ఎంత కష్టమో దాచినదాని జోలికి వెళ్లకుండా ఉండడం అంతకన్నా కష్టం. అందుకే మొదటి డబ్బు ఎక్కడ పెట్టాలని నా కొడుకు అడిగితే పీపీఎఫ్ అన్నాను, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా అది. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పిల్లల పేరు మీద తల్లిగానీ తండ్రిగానీ తెరవొచ్చు. ఏడాదికి కనీసం 500 వేస్తే చాలు. తండ్రి ఖాతా, పిల్లల ఖాతా కలిపి ఏడాదికి లక్షన్నర దాటకూడదు, ఇది చాలామందికి తెలియక రెండింటిలోనూ నిండా వేస్తారు, ఎక్కువ వేసినదానికి వడ్డీ రాదు. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతంగా ఉంది. ప్రభుత్వం మూడు నెలలకోసారి దాన్ని చూస్తుంది, తగ్గించొచ్చు కూడా, అందుకే నా లెక్కల్లో 7 వేశాను, 6 కూడా వేసి చూపించాను. పదిహేనేళ్లు గడువు, ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు. డబ్బు అంతకాలం ఇరుక్కుపోతుందని పెద్దవాళ్లు దీన్ని తప్పుపడతారు. పదహారేళ్ల పిల్లలకి అదే దాంట్లో ఉన్న మేలు. వడ్డీ మార్చి 31న ఖాతాలోనే అసలులో కలుస్తుంది, మన చేతికి రాదు కాబట్టి మనం పాడుచెయ్యలేం. నోటు తిరగరాయడం లాంటిదే ఇది, ఏడాదికోసారి, ఈసారి మన పక్షాన.

దీంట్లో ఒక చిన్న సంగతి ఉంది, చాలామంది పోగొట్టుకునేది. ప్రతి నెలా అయిదో తారీకు ముగిసినప్పటి నుంచి నెలాఖరు లోపల ఖాతాలో అన్నిటికన్నా తక్కువ ఎంత ఉందో చూసి దాని మీదే ఆ నెల వడ్డీ వేస్తారు. నాలుగున వెయ్యి వేస్తే ఆ నెల వడ్డీ వస్తుంది, ఆరున వేస్తే రాదు. తేడా ఆరు రూపాయలు కూడా లేదు. కానీ ఏడాది మొత్తానిది ఒకేసారి వేసేవాళ్లు ఏప్రిల్ 5 లోపు వేస్తారా, మార్చి చివర్లో పన్ను కోసం పరిగెత్తి వేస్తారా అన్నది పదిహేనేళ్లకి బాగానే కనిపిస్తుంది.

అప్పుడు మా చెల్లెలి కూతురు అడిగిన ప్రశ్నకి నేను కాసేపు ఆగాల్సి వచ్చింది. "మామయ్యా, నాకు అరవై ఏళ్లొచ్చేసరికి 17 లక్షలకి ఏమొస్తుంది?"

ఈ ప్రశ్న అడగకపోతే నేనే చెప్పాల్సింది. ధరలు ఏడాదికి 5 శాతం పెరుగుతాయనుకుంటే, నలభై నాలుగేళ్ల తర్వాతి 17 లక్షలా 70 వేలు ఇవాళ్టి 2 లక్షలతో సమానం. అంతే. వసారాలో ఎవరూ మాట్లాడలేదు. నా కొడుకు ముఖం చూస్తే వీడికిక ఈ సంగతి అక్కర్లేదనిపించింది. అప్పుడు బీరువాలో దాచిన అక్క లెక్క కూడా కట్టమన్నాను, అదే 1 లక్షా 20 వేలు వడ్డీ లేకుండా బీరువాలో పెడితే అరవయ్యో ఏట దాని విలువ ఇవాళ్టి 14 వేలు. ధరలు కూడా చక్రవడ్డీలాగే పెరుగుతాయి. నిరుటి పెరుగుదల మీద ఈ ఏటి పెరుగుదల వస్తుంది. ఊరికే ఉంచిన డబ్బుని అది ప్రతి ఏడూ కొరుక్కుతింటుంది. 7 శాతం వడ్డీ దాన్ని కొంచెం దాటి ముందుకి వెళ్లగలుగుతుంది, ఎంతో దూరం కాదు.

అందుకే నలభై ఏళ్ల డబ్బులో కొంతైనా షేర్ల వైపు, విడిగా కంపెనీలు ఎంచుకోకుండా మార్కెట్ మొత్తాన్నీ పట్టుకునే ఇండెక్స్ ఫండ్లలో ఉండాలని నేను నమ్ముతాను, నా డబ్బు కూడా అలాగే పెట్టాను. పెద్ద కంపెనీల షేర్ల ధరలు చూపే సూచీ సెన్సెక్స్ 1979లో 100 దగ్గర మొదలైందనుకుంటే 2024 జులైలో 80 వేలు దాటింది. పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే ఇంకోటి చెప్పాను, 2008 జనవరిలో 21 వేల దాకా ఉన్న అదే సెన్సెక్స్ ఆ ఏడాది అక్టోబరుకి 8 వేల దగ్గరికి పడింది. జనవరిలో పెట్టిన లక్షకి నలభై వేలు కూడా మిగలని రోజది. ఆ రోజు భయపడి అమ్ముకున్నవాళ్లకి పైన చెప్పిన 80 వేలతో సంబంధం లేదు. అయిదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు, అంటే మీ కాలేజీ ఫీజు డబ్బు, అక్కడ పెట్టకూడదు. ఇంతకన్నా ఎక్కువ ఆ వయసుకి చెప్పడం అనవసరమనిపించి ఆపేశాను.

సాయంత్రం అన్నయ్య నాతో కొంచెం కోపంగానే అన్నాడు. "పిల్లల్ని తిననివ్వరా, తిరగనివ్వరా. సంపాదించని పిల్లలకి ఇవన్నీ ఎందుకు? అరవయ్యో ఏడు గురించి పదహారేళ్లకి చెప్తారా ఎవరైనా?" అన్నయ్య మాటలో నిజముంది, పండక్కి ఇచ్చిన 500 పట్టుకుని పిల్లలు సినిమాకి వెళ్లకూడదని నేను అనను. ఇరవై రెండేళ్ల కుర్రవాడు తన మీద తాను పెట్టుబడి పెట్టుకుని ఒక మంచి కోర్సు చేసి జీతం పెంచుకుంటే, దాని ముందు నెలకి వెయ్యి లెక్క ఏమూలకీ రాదు. అది కూడా ఒప్పుకుంటాను. కానీ సంపాదించడం మొదలయ్యాక చెప్పొచ్చు అనుకుంటే, మొదటి జీతం వచ్చేసరికి బండి వాయిదా, ఫోన్ వాయిదా, క్రెడిట్ కార్డు ఆ జీతం కోసం గుమ్మంలో నిలబడి ఉంటాయి. మొదటిసారి చక్రవడ్డీ వాళ్లకి మళ్లీ కట్టే వైపు నుంచే తెలుస్తుంది. మా నాన్నకి తెలిసినట్టే. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో సూత్రం ఉన్నప్పుడు, ఇంట్లో పెట్టెలో దాని తాలూకు కాగితం ఉన్నప్పుడు, రెండూ ఒకచోట పెట్టి చూపించకపోవడం పెద్దల తప్పని నేను అన్నయ్యతో అన్నాను. అన్నయ్య ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదో రాత్రికి తెలిసింది. అన్నయ్య కొడుకు, మధ్యాహ్నం వరసపెట్టి లెక్క కట్టినవాడు, అందరూ పడుకున్నాక నా మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "బాబాయ్, మా ఇంట్లో నోటు ఉంది. లక్షది. రెండు రూపాయలు. ఫిబ్రవరికి మూడేళ్లు." వాడి గొంతు తగ్గిపోయింది. "నేను నెలకి అయిదొందలు పీపీఎఫ్‌లో వేస్తే ఎంతవుతుందా అని చూసుకున్నా. తర్వాత అది చూసుకున్నా."

వాడికి నేను చెప్పేదేమీ లేదు, వాడే కట్టేశాడు. 7.1 వచ్చేచోట దాచుకుంటూ 24 కట్టేచోట ఊరుకుంటే, వందకి ఏడాదికి దాదాపు 17 రూపాయలు పోగొట్టుకోవడమే. నోటు ఉన్న ఇంట్లో పిల్లల మొదటి పొదుపు ఆ నోటు తీర్చడమే, ఇంకే ఖాతా దానికి సాటిరాదు. వడ్డీ 72 వేలు అయింది. తిరగరాస్తే అసలు 1 లక్షా 72 వేలు, నెలకి 2,000 ఉన్న వడ్డీ 3,440 అవుతుంది. వచ్చే మూడేళ్లకి వడ్డీయే 1 లక్షా 23 వేలా 840.

మర్నాడు పొద్దున్నే అన్నయ్యా నేనూ అరుగు మీద కూర్చున్నాం. మినుము డబ్బులో అన్నయ్య దగ్గర 45 వేలు ఉన్నాయి, దానితో కొత్త టీవీ, ఇంటికి రంగులు అనుకున్నారు. మిగతా 27 వేలు నేను సర్దాను, వడ్డీ లేకుండా, పంటకి ఇవ్వమని. ఫిబ్రవరి దాకా ఆగలేదు, ఆ వారమే వెళ్లి ఫిబ్రవరి దాకా అయ్యే వడ్డీ మొత్తం కట్టేశారు. నోటు తిరగరాయలేదు, వెనకాల 72 వేలు చెల్లు రాయించి అన్నయ్య సంతకం పెట్టాడు. అసలు లక్ష దగ్గరే ఉంది. వాడు ఆ చెల్లు రాసిన పక్కని ఫొటో తీసి నాకు పంపాడు, కింద ఒక్క ముక్క రాశాడు: "బాబాయ్, ఇక అసలు మీద నెలకి ఎంత కడితే ఎప్పటికి అయిపోతుందో కట్టి పంపిస్తా."